ముందు పి, వెనక ఎస్

స్క్రాబుల్ బోర్డు మీద ఆట అప్పుడే మొదలైంది. మొదటి ఆటగాడు ‘రైస్’ అనే నాలుగు అక్షరాల మాట పరిచాడు. ఆర్, ఐ, సి, ఇ. బోర్డు మధ్యలోని ఎనిమిదో అడ్డు వరసలో, ఎడమ నుంచి లెక్కపెడితే ఐదో గడిలో మొదలై ఎనిమిదో గడిలోని చుక్క గుర్తు మీద ముగిసింది. మొదటి మాటకు విలువ రెట్టింపు కాబట్టి 12 పాయింట్లు వచ్చాయి. ఇప్పుడు రెండో మనిషి వంతు. ఆమె ముందున్న ఏడు బిళ్ళలూ కలిపితే ‘ప్లానెట్స్’ అవుతుంది. ఏడూ ఒకేసారి వాడితే 50 పాయింట్ల బహుమానం ఎలాగూ ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే ప్రశ్న.

ఎవరికైనా మొదట తట్టే చోటు ‘రైస్’ చివర. ప్లానెట్స్‌ను పై నుంచి కిందికి నిలువుగా పేర్చి, దాని చివరి ఎస్ రైస్ తర్వాతి గడిలో పడేలా చూస్తే ఆ ఎస్ రెండు పనులు చేస్తుంది. నిలువుగా ప్లానెట్స్ పూర్తవుతుంది, అడ్డంగా రైస్ కాస్తా ‘రైసెస్’ అవుతుంది. నిలువు మాటలో ఎల్, టి బిళ్ళలు లేత నీలం గడుల మీద పడి రెట్టింపవుతాయి. ప్లానెట్స్‌కు 11, రైసెస్‌కు 7, బహుమానం 50. మొత్తం 68. మంచి ఎత్తే.

ఇంకో దారి ఉంది. ప్లానెట్స్‌లోని మొదటి అక్షరం పి. దాన్ని రైస్ వెనక కాకుండా ముందు పెడితే అడ్డంగా ‘ప్రైస్’ వస్తుంది. రైస్ ముందున్న గడి, అంటే ఎడమ నుంచి నాలుగోది, అక్షరం విలువను రెట్టింపు చేసే గడి. మూడు పాయింట్ల పి అక్కడ ఆరవుతుంది. ఆ ఆరు నిలువు మాటలో ఒకసారి, అడ్డు మాటలో ఇంకోసారి లెక్కకొస్తుంది. పైగా అదే నిలువు వరసలో నాలుగు గడుల కింద మాట విలువనే రెట్టింపు చేసే గులాబీ గడి ఉంది. ప్లానెట్స్‌లోని ఇ సరిగ్గా దాని మీద పడుతుంది. నిలువు మాట 12, రెట్టిస్తే 24. ప్రైస్‌కు 12. బహుమానం 50. మొత్తం 86.

అదే మాట, అవే బిళ్ళలు. తేడా 18 పాయింట్లు. ఆ తేడా అంతా రైస్ ముందు పి పట్టుతుందని గుర్తుకు రావడంలోనే ఉంది.

ఇలా బోర్డు మీద ఉన్న మాటకు ఒక్క అక్షరం తగిలించి కొత్త మాట చేయడాన్ని ఆటగాళ్ళు హుక్ అంటారు. మాట మొదట్లో తగిలిస్తే ఫ్రంట్ హుక్, చివర్లో తగిలిస్తే బ్యాక్ హుక్. తగిలించే అక్షరం సాధారణంగా తాను ఒంటరిగా రాదు, తనతో పాటు ఇంకో మాటను అడ్డంగానో నిలువుగానో మోసుకొస్తుంది. అందుకే ఒక్క ఎత్తులో రెండు మాటలకు పాయింట్లు పడతాయి. పాత మాటలోని అక్షరాలన్నీ మళ్ళీ మొదటి నుంచి లెక్కకొస్తాయి. అయితే వాటి కింద ఉన్న రంగు గడుల ప్రభావం మాత్రం మళ్ళీ రాదు. రంగు గడి దాని మీద కొత్త బిళ్ళ పెట్టిన ఎత్తులో మాత్రమే పనిచేస్తుంది. రైస్‌లోని ఇ కింద చుక్క గుర్తు ఉన్నా ప్రైస్ విలువ రెట్టింపు కాకపోవడానికి కారణం అదే.

పోటీ ఆటగాళ్ళు చదువుకునే జాబితాల్లో ప్రతి మాటకూ రెండు వైపులా చిన్న అక్షరాల గుంపులు ఉంటాయి. ఎడమ వైపువి ముందు తగిలేవి, కుడి వైపువి వెనక తగిలేవి. భారత్‌లోనూ, ఉత్తర అమెరికా మినహా ఎక్కువ దేశాల్లోనూ పోటీలకు ప్రమాణం కాలిన్స్ జాబితా. దాని ప్రకారం రైస్ ఇలా కనబడుతుంది:

```
DGPT   RICE   DRSY
```

ముందు నాలుగు, వెనక నాలుగు. వెనక ఉన్న నాలుగింటినీ చూస్తే ఇంగ్లీషు వ్యాకరణం తెలిసిన ఎవరైనా వాటిని కాసేపట్లో ఊహించగలరు. ఎస్ బహువచనం. రైస్ క్రియ కూడా. ఉడికించిన ఆలుగడ్డను చిల్లుల పరికరంలో వేసి సన్నని మెతుకుల్లా నొక్కి తీయడాన్ని పాశ్చాత్య వంటింట్లో అలాగే అంటారు. కాబట్టి భూతకాలానికి డి, ఆ పరికరానికి ఆర్. అన్నంలా ఉన్నదాన్ని చెప్పడానికి వై. ఈ నాలుగూ మాటలోంచే పుట్టాయి.

ముందు వైపు చూస్తే అలాంటి ఆసరా ఏదీ ఉండదు. పి పెడితే ధర. టి పెడితే ‘ట్రైస్’, అంటే క్షణకాలం. జి పెడితే ‘గ్రైస్’, రైళ్ళ మీద మక్కువతో వాటిని చూడటానికి ఊళ్ళు తిరగడం. డి పెడితే ‘డ్రైస్’, పొడి మంచు గుళికలు. వీటిలో ఒక్కదానికీ బియ్యంతో సంబంధం లేదు. అర్థం నుంచి బయల్దేరి ఈ నాలుగింటికి చేరే దారి లేదు.

హుక్‌ల సంగతి అంతా ఈ అసమానతలోనే ఉంది. ఇంగ్లీషు తన వ్యాకరణాన్ని మాట చివర మోస్తుంది. బహువచనం, కాలం, కర్త, విశేషణం అన్నీ అక్కడే అతుక్కుంటాయి. తెలుగులోనూ విభక్తులు, ప్రత్యయాలు వెనకే చేరతాయి కాబట్టి ఈ పద్ధతి మనకు కొత్త కాదు. ఇంగ్లీషు మాట ముందు చేరే ఉపసర్గలు ఉన్నాయి కానీ అవి ఎక్కువగా రెండు మూడు అక్షరాలవి. ఒక్క అక్షరంతో ఆ పని చేసేవి చాలా తక్కువ. అందుకని వెనక హుక్ చాలావరకు వ్యాకరణం ఇచ్చేది, ముందు హుక్ చాలావరకు యాదృచ్ఛికం. మొదటిదాన్ని ఆలోచించి పట్టవచ్చు. రెండోదాన్ని పట్టాలంటే వేరే పద్ధతి కావాలి.

మొదట వెనక హుక్‌ల సంగతి ఇంకాస్త చూడాలి. వీటిలో రాజు ఎస్. నామవాచకాలకు బహువచనంగా, క్రియలకు ప్రథమ పురుష ఏకవచనంగా రెండు హోదాల్లో చేరుతుంది కాబట్టి జాబితాలో అంత విస్తారంగా తగిలే అక్షరం మరొకటి లేదు. ఆటను రూపొందించిన ఆల్ఫ్రెడ్ బట్స్‌కు ఇది ముందే తెలుసు. న్యూయార్క్‌లో భవన నిర్మాణ రూపశిల్పిగా ఉన్న బట్స్ 1930ల మాంద్యంలో పని పోయాక ఈ ఆట మీద కూర్చున్నాడు. దినపత్రికల పేజీల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో చేత్తో లెక్కపెట్టి, దాన్ని బట్టి వంద బిళ్ళలు పంచాడు. ఇ కి 12 బిళ్ళలు దక్కాయి. వాడుకను బట్టి చూస్తే ఎస్‌కు ఇంకా ఎక్కువ రావాలి, కానీ ఆయన కావాలనే నాలుగుతో ఆపాడు. బహువచనాలతోనే ఆట గడిచిపోతే ఆటలో సారం ఉండదని ఆయన భయం. ఎస్‌గా వాడుకోదగ్గ ఖాళీ బిళ్ళలు మరో రెండు. ఆట మొత్తానికి అంతే.

కొరత ఉన్నచోట పొదుపు మొదలవుతుంది. అదే బోర్డు, మొదట్లో ఉన్నట్టుగా రైస్ ఒక్కటే ఉంది. ఈసారి ఆటగత్తె దగ్గర ఉన్నవి ఎ, డి, ఎల్, ఎన్, పి, ఎస్, టి. రైస్ ముందు పి తగిలేలా నిలువుగా ‘ప్లాంట్’ వేస్తే పి ఆరు, మిగతావి నాలుగు, టి గులాబీ గడి మీద పడటంతో పది రెట్టించి ఇరవై. ప్రైస్‌కు 12 కలిపితే 32. దానికే చివర ఎస్ చేర్చి ‘ప్లాంట్స్’ వేస్తే 34. ఆ రెండు పాయింట్ల కోసం ఎస్ ఖర్చు పెట్టడం పోటీ ఆటగాళ్ళ దృష్టిలో దుబారా. చేతిలో ఉన్న ఎస్ విలువ సుమారు ఎనిమిది పాయింట్లు అని వాళ్ళ లెక్క. అంతకంటే తక్కువ లాభానికి దాన్ని వదలరు. ఎందుకంటే తర్వాతి ఎత్తులో ఏడు బిళ్ళల మాట కుదిరినప్పుడు దాన్ని బోర్డు మీద ఎక్కడో ఒకచోట తగిలించే బిళ్ళ సాధారణంగా అదే అవుతుంది.

ఎస్ తర్వాతి వరసలో డి, ఆర్ ఉంటాయి. ఈ రెండూ ముఖ్యంగా ఇ తో ముగిసే మాటల కోసం ఎదురుచూస్తుంటాయి. క్రియ చివర ఇ ఉందంటే డి పట్టుతుంది, ఆ పని చేసే మనిషో వస్తువో ఉంటే ఆర్ పట్టుతుంది. అదే చోట ఎన్ కూడా అప్పుడప్పుడు పట్టుతుంది. ‘టేక్’ నుంచి ‘టేకెన్’, ‘రైప్’ నుంచి ‘రైపెన్’. వై ఎక్కువగా నామవాచకం తర్వాత వచ్చి విశేషణం చేస్తుంది, ‘రెయిన్’ నుంచి ‘రెయినీ’ లాగా. ఇ కూడా కొన్ని మాటలకు వెనక చేరి నామవాచకాన్ని క్రియగా మారుస్తుంది. ‘బ్రెత్’ నుంచి ‘బ్రీత్’, ‘బాత్’ నుంచి ‘బేత్’, ‘క్లాత్’ నుంచి ‘క్లోత్’. రాతలో ఒక్క అక్షరమే చేరినా పలుకు పూర్తిగా మారిపోతుంది కాబట్టి ఇవి కంటికి అంత సులువుగా ఆనవు.

వెనక కూడా యాదృచ్ఛికాలు లేకపోలేదు. ‘ప్లాన్’ చివర టి పెడితే మొక్క, కె పెడితే చెక్క పలక, ఇ పెడితే విమానం. ఆ ‘ప్లేన్’ చివర టి పెడితే గ్రహం, దానికి ఎస్ పెడితే మొదటి ఎత్తులోని ప్లానెట్స్. ‘లేట్’ చివర ఆర్ అందరికీ తెలుసు, కానీ ఎక్స్ పెడితే రబ్బరు పాలు, ‘లేటెక్స్’ అని తట్టేది కొద్దిమందికే. ఆఖరి దశలో ఎక్స్ చేతిలో ఇరుక్కున్న మనిషికి ఇది తెలిస్తే చాలు, ఎనిమిది పాయింట్ల బిళ్ళ దిగుతుంది.

వ్యాకరణాన్ని నమ్ముకోవడంలో ఒక ప్రమాదం ఉంది. జింకకు ఇంగ్లీషులో ఏకవచనం, బహువచనం ఒకటే అని బడిలో నేర్పుతారు. గొర్రెకూ అంతే. కానీ కాలిన్స్ జాబితాలో ‘డీర్’ చివర ఎస్ చెల్లుతుంది, ‘షీప్’ చివర చెల్లదు. నిఘంటువు మొదటిదానికి రెండో బహువచనం ఒప్పుకుంది, రెండోదానికి ఒప్పుకోలేదు. షీప్ చివర వై చెల్లుతుంది, గొర్రె లక్షణాలున్న అని అర్థం. బడి వ్యాకరణం ఎక్కడ ఆగి నిఘంటువు ఎక్కడ మొదలవుతుందో తెలియకపోతే డీర్ దగ్గర రావలసిన పాయింట్లు పోతాయి, షీప్ దగ్గర ఎత్తే పోతుంది.

ఇక ముందు హుక్‌లు. ఇవి అర్థానికి లొంగవు కానీ శబ్దానికి లొంగుతాయి. ఇంగ్లీషు మాట ఏ హల్లుల జంటతో మొదలుకావచ్చో ఆ భాష ముందే నిర్ణయించుకుంది. బి, సి, ఎఫ్, జి, పి అక్షరాలు ఎల్ ముందూ ఆర్ ముందూ హాయిగా నిలబడతాయి. టి, డి ఆర్ ముందు మాత్రమే నిలబడతాయి. ఎస్ ఎల్ ముందు నిలబడుతుంది, ఆర్ ముందు నిలబడదు. కాబట్టి బోర్డు మీది మాట ఆర్‌తో గానీ ఎల్‌తో గానీ మొదలైందంటే దాని ముందు వెతకాల్సిన అక్షరాల గుంపు చిన్నదే. ‘రెయిన్’ తీసుకోండి. బి పెడితే మెదడు, డి పెడితే మురుగు కాలువ, జి పెడితే గింజ, టి పెడితే రైలు. ‘లైట్’ ముందు బి, ఎఫ్, పి, ఎస్ నాలుగూ పట్టుతాయి. ‘బ్లైట్’, ‘ఫ్లైట్’, ‘ప్లైట్’, ‘స్లైట్’. రైస్‌కు పట్టిన డి, జి, పి, టి కూడా సరిగ్గా ఈ లెక్కలోంచి వచ్చినవే. అర్థం తెలియని గ్రైస్‌నూ డ్రైస్‌నూ శబ్దం వైపు నుంచి చూస్తే కనీసం అనుమానించవచ్చు.

హెచ్‌తో మొదలయ్యే మాటలది ఇంకో కుటుంబం. ఇంగ్లీషు రాతలో హెచ్ ముందు సి, ఎస్, టి, డబ్ల్యు వచ్చి కొత్త ధ్వనులు చేస్తాయి. ‘హీట్’ ముందు సి పెడితే మోసం, డబ్ల్యు పెడితే గోధుమ. ‘హిప్’ ముందు సి పెడితే చిప్పు, ఎస్ పెడితే ఓడ, డబ్ల్యు పెడితే కొరడా. ‘హోస్ట్’ ముందు జి పెడితే దెయ్యం. ఎస్‌కు మరో పరివారం ఉంది. పి, టి, ఎం, ఎన్, డబ్ల్యు ముందు అది ఇట్టే చేరుతుంది. ‘పార్క్’ స్పార్క్ అవుతుంది, ‘టోన్’ స్టోన్ అవుతుంది, ‘మైల్’ స్మైల్ అవుతుంది, ‘నెయిల్’ స్నెయిల్ అవుతుంది. ఎస్‌ను మాట వెనక వాడటం అలవాటైన ఆటగాళ్ళు ఈ వైపు చూడటమే మరిచిపోతుంటారు.

అచ్చుతో మొదలయ్యే మాటలు అన్నిటికంటే ఉదారమైనవి. వాటి ముందు దాదాపు ఏ హల్లైనా పలకడానికి కుదురుతుంది. ‘ఎర్లీ’ ముందు డి, ఎన్, పి, వై నాలుగూ మామూలు మాటలే ఇస్తాయి. డియర్లీ, నియర్లీ, పెర్లీ, ఇయర్లీ.

ఈ నాలుగు మాటలను నోటితో పలికి చూస్తే ముందు హుక్‌లు ఎందుకు దాక్కుంటాయో అర్థమవుతుంది. రాతలో ఐదు అక్షరాలు కదలకుండా ఉన్నా, పెర్లీలో తప్ప మిగతా మూడింటిలోనూ పలుకు జరుగుతోంది. దీనికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఎనిమిది అంకె, ‘ఎయిట్’. ఇ, ఐ, జి, హెచ్, టి. దాని ముందు డబ్ల్యు పెడితే బరువు, పలుకు అలాగే ఉంటుంది. హెచ్ పెడితే ఎత్తు, పలుకు ‘హైట్’ అయిపోతుంది. వెనక హెచ్ పెడితే ఎనిమిదోది, వై పెడితే ఎనభై, ఎస్ పెడితే ఎనిమిదులు. మాటను లోలోపల పలుకుతూ చూసే మనిషికి ఎయిట్‌లో హైట్ వినిపించదు. అందుకని అనుభవం ఉన్న ఆటగాళ్ళు బోర్డు మీది మాటను పలకకుండా, ఎదురుగా ఉన్న అక్షరాల వరసగా చూడటం సాధన చేస్తారు. చేతిలోని ఒక్కొక్క బిళ్ళనూ మాట ముందు పెట్టినట్టు ఊహించుకుంటూ పోవడమే దానికి మార్గం. ఏడు బిళ్ళలే కదా, ఏడు ఊహలు.

ముందు చేరే అక్షరాల్లో వ్యాకరణం వాసన ఉన్నది ముఖ్యంగా ఎ ఒక్కటే. పాత ఇంగ్లీషులో ‘ఆన్’ అనే విభక్తి మాట అరిగి అరిగి ఒక్క ఎ గా మిగిలి తర్వాతి మాటకు అంటుకుపోయింది. ‘స్లీప్’ నుంచి ‘అస్లీప్’, ‘లైవ్’ నుంచి ‘అలైవ్’, ‘సైడ్’ నుంచి ‘అసైడ్’ అలా వచ్చినవే. బోర్డు మీద మాట ఒక స్థితినో స్థలాన్నో చెప్పేదైతే ముందు ఎ పెట్టి చూడటం వృథా పోదు. ఇ, ఓ లు కూడా కొన్నిచోట్ల పట్టుతాయి కానీ వాటికి ఇంత వరస లేదు. ‘మోషన్’ ముందు ఇ పెడితే ‘ఎమోషన్’, ‘రేంజ్’ ముందు ఓ పెడితే ‘ఆరెంజ్’. రేంజ్ ముందు ఓ పట్టుతుందని ఒకసారి తెలిశాక ఎవరూ మరిచిపోరు, తెలియకముందు మాత్రం ఎవరికీ తోచదు.

శబ్దం లెక్క అనుమానించడానికి పనికొస్తుంది, నిర్ధారించడానికి చాలదు. రైస్ ముందు బి పెడితే పలకడానికి చక్కగా ఉంటుంది, కానీ అలాంటి మాట జాబితాలో లేదు. ఎఫ్ కూడా అంతే. ఏది ఉంది, ఏది లేదు అన్నది చివరికి కంఠస్థం చేయాల్సిందే. ఈ కంఠస్థం ఎంత దూరం వెళ్ళగలదో న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ చూపించాడు. ఇంగ్లీషులో అయిదుసార్లు ప్రపంచ విజేత అయిన ఆయన 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీకి వెళ్ళి గెలిచాడు. ఆయనకు ఫ్రెంచి మాట్లాడటం రాదు. కొద్ది వారాల పాటు ఫ్రెంచి పదాల జాబితా చదివి వెళ్ళాడు. అర్థం, పలుకు రెండూ లేకుండా అక్షరాల వరసలు మాత్రమే తెలిసిన మనిషికి ముందు హుక్, వెనక హుక్ అన్న తేడా మిగలదు. రెండూ అతనికి ఒకే రకం జ్ఞానం.

జ్ఞాపకం సగంలో తడబడితే ఏమవుతుంది? ఎత్తులో ఏర్పడిన మాటల్లో ఒక్కటి తప్పైనా, ప్రత్యర్థి అభ్యంతరం చెబితే మొత్తం బిళ్ళలు వెనక్కి తీసుకోవాలి, పాయింట్లు సున్నా. ప్లానెట్స్ నూటికి నూరుపాళ్ళు సరైన మాటే కావచ్చు, దాన్ని తగిలించిన హుక్ చెల్లకపోతే 86 పాయింట్ల ఎత్తు గాలికి పోతుంది. పోటీల్లో తీర్పు చెప్పే పద్ధతి కూడా గమనించదగ్గది. మాటలన్నీ కంప్యూటర్‌లో కొడితే ఎత్తు మొత్తం చెల్లుతుందా లేదా అని మాత్రమే వస్తుంది. ఏ మాట తప్పో చెప్పదు. కాబట్టి అభ్యంతరం నిలిచినా, తప్పు హుక్‌లో ఉందో పొడుగు మాటలో ఉందో ఇద్దరూ ఎవరికి వారు ఊహించుకోవాలి. అభ్యంతరం నిలవకపోతే దానికీ మూల్యం ఉంది. కాలిన్స్ పోటీల్లో సాధారణంగా మాటకు అయిదో పదో పాయింట్లు ఎదుటివారికి పోతాయి. ఉత్తర అమెరికాలో ఏకంగా ఒక వంతే పోతుంది. అక్కడ అనుమానం ఉన్నా నోరు మెదపకుండా ఊరుకునేవాళ్ళు ఎక్కువ, తప్పుడు హుక్‌లు బతికి బట్టకట్టేదీ అక్కడే ఎక్కువ.

మన ఆటగాళ్ళకు ఈ ఆటలో సొంత సరుకు కొంత ఉంది. భారతీయ భాషల నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళిన మాటలు కాలిన్స్ జాబితాలో బోలెడు. వాటి అర్థాలు మనకు పుట్టుకతో తెలుసు, హుక్‌లు మాత్రం ఎంతమందికి తెలుసన్నది వేరే సంగతి. ‘అణా’ను ఇంగ్లీషులో ఎ, ఎన్, ఎన్, ఎ అని రాస్తారు. అచ్చుతో మొదలైంది కాబట్టి ముందు వైపు ఉదారంగా ఉంటుంది. సి పెడితే మెట్టతామర మొక్క ‘కేనా’, ఎం పెడితే బైబిల్లో ఆకాశం నుంచి రాలిన ఆహారం ‘మేనా’. వెనక ఎల్ పెడితే ఒక ఏడాది సంఘటనల నమోదు, ‘యానల్’. రాగులకు ఆర్, ఎ, జి, ఐ. ఆర్‌తో మొదలైంది కాబట్టి ముందు టి పెట్టి చూడాలి. వస్తుంది, చెవి రంధ్రం దగ్గర ఉండే చిన్న బుడిపెలకు వైద్య పరిభాషలోని బహువచనం ‘ట్రేగై’. చీరను ‘సారి’ అని రాస్తే వెనక ఎన్ చేరి విషవాయువు ‘సారిన్’ అవుతుంది. పైసా వెనక ఎన్ చేరితే ‘పైసాన్’, ఇటాలియన్ వాడుకలో సొంత దేశపు మనిషి. టేకు ముందు ఎస్ చేరితే హోటళ్ళలో వడ్డించే ‘స్టేక్’. ‘రాజ్’ వెనక ఎ, ఆ ‘రాజా’ వెనక హెచ్, దాని వెనక ఎస్, మూడు మెట్లు వరసగా ఎక్కుతుంది. ప్రతి మెట్టులోనూ ఎనిమిది పాయింట్ల జె మళ్ళీ లెక్కకొస్తుంది.

పందికొక్కు నుంచి వెళ్ళిన ‘బ్యాండికూట్’ పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. తొమ్మిది అక్షరాల పొడుగు మాట, ఒక్క ఎస్‌కు తప్ప దేనికీ చోటివ్వదు. అయితే ఆస్ట్రేలియాలో అది క్రియ అయింది. పైన మొక్క కదలకుండా కింద నుంచి దుంపలు తవ్వి దొంగిలించడం అని అర్థం. కాబట్టి వెనక ఇ, డి కలిపి గానీ ఐ, ఎన్, జి కలిపి గానీ పొడిగించవచ్చు. ఒకటి కంటే ఎక్కువ అక్షరాలు చేరితే దాన్ని హుక్ అనరు, పొడిగింపు అంటారు. అక్కడ లెక్కలు వేరు.

హుక్ తెలిసిన మనిషి తాను తగిలించడమే కాదు, ఎదుటివారికి తగిలించే చోటు దక్కకుండానూ చూస్తాడు. మొదటి ఎత్తుకే మళ్ళీ వెళ్దాం. రైస్‌కు ముందూ వెనకా కలిపి ఎనిమిది హుక్‌లు ఉన్నాయని మొదటి ఆటగాడికి తెలిసి ఉంటే దాన్ని ఆ చోట పెట్టేవాడు కాదు. చుక్క గుర్తు మీద ఏదో ఒక అక్షరం పడితే చాలు, మాటను నాలుగు రకాలుగా జరిపి పెట్టవచ్చు. తనకు ఎలాగైనా 12 పాయింట్లే. ఒక గడి కుడికి జరిపి ఉంటే పి పడే గడి మామూలుదై ప్రైస్ విలువ 9 కి తగ్గేది, ప్లానెట్స్ ముందు హుక్ ఎత్తు 86 నుంచి 77 కు దిగేది. అయితే వెనక ఎస్ ఎత్తు మాత్రం 68 నుంచి 74 కు పెరిగేది, ఎందుకంటే పక్క నిలువు వరసలో అక్షరాన్ని మూడింతలు చేసే గడులు రెండు తగులుతాయి. రెండు గడులు జరిపితే ముందు 72, వెనక 75. మూడు గడులు జరిపితే ముందు 70, కానీ వెనక ఎస్ నీలం గడి మీద పడి 78. ఎదుటి చేతిలో ఈ ఒక్క మాటే ఉందనుకుంటే రెండు గడులు జరపడం అన్నిటికంటే మేలు. ఎదుటి చేతిలో ఏముందో తెలియదు కాబట్టి ఆటగాడు ఇంత లెక్క వేయలేడు. హుక్ గడి రంగు గడి మీద పడకుండా చూడటం మాత్రం చేయగలడు, రెండు వైపులా.

ఆట చివర్లో, ముందంజలో ఉన్నవారు ఇంకా జాగ్రత్తగా ఉంటారు. అప్పుడు కావలసింది హుక్‌లు లేని మాట, లేదా ఒకే ఒక్క అరుదైన హుక్ ఉన్న మాట. ‘క్విజ్’ వెనక ఒక్క అక్షరమూ పట్టదు, బహువచనానికి ఇంకో జెడ్ కలిపి ఇ, ఎస్ చేర్చాలి. ముందు మాత్రం ఎస్ పట్టుతుంది, ఆస్ట్రేలియా వాడుకలో ఓరచూపు. ఎస్‌లు నాలుగూ బోర్డు మీదకి వచ్చేసి, ఖాళీ బిళ్ళలు రెండూ అయిపోయి ఉంటే క్విజ్ ముందూ వెనకా ఇక ఎవరూ ఒక్క అక్షరమూ తగిలించలేరు. అలా దారులు మూయడానికి వి కూడా పనికొస్తుంది. కాలిన్స్ జాబితాలో వి ఉన్న రెండక్షరాల మాట ఒక్కటీ లేదు. కాబట్టి వి పక్క గడి ఖాళీగా ఉన్నా అక్కడ ఒక్క బిళ్ళను ఆనించి రెండక్షరాల మాట చేయడం కుదరదు. వెనకబడిన ఆటగాడు హుక్ కోసం వెతుకుతున్నప్పుడు, ముందున్నవారు తమ చేతిలోని వి ని బయటపడని మూలల్లో కాకుండా సరిగ్గా ఆ ఖాళీ వరస పక్కన దింపుతారు.